ఫండింగ్ రేటుకు కాపలా

గడువు తేదీ లేని క్రిప్టో ఫ్యూచర్స్ ఒప్పందాన్ని పర్పెచ్యువల్ అంటారు. దాని ధర నాణెం అసలు ధరకు దూరంగా జరిగిపోకుండా పట్టి ఉంచేది ఫండింగ్ రేటు, అంటే ఒప్పందం ధర ఎక్కువగా ఉన్నప్పుడు కొనుగోలు పక్షం అమ్మకపు పక్షానికి, తక్కువగా ఉన్నప్పుడు అమ్మకపు పక్షం కొనుగోలు పక్షానికి నిర్ణీత వేళల్లో చెల్లించే రుసుము. బైనాన్స్‌లో బిట్‌కాయిన్ ఒప్పందానికి ఈ వేళలు భారత కాలమానంలో ఉదయం 5:30, మధ్యాహ్నం 1:30, రాత్రి 9:30 గంటలు. మామూలు రేటు 0.01 శాతం. ఈ అంకెను కనిపెట్టి ఉండి, అది హద్దు దాటగానే కబురందించే పనిలోని నేర్పు మొదట కొలతల్ని సమం చేయడంలో కనిపిస్తుంది: మరో ఒప్పందంలో గంటకొకసారి వసూలయ్యే 0.05 శాతం పైకి చిన్నదే అయినా, అదే రేటు నిలిస్తే ఎనిమిది గంటలకు 0.4 శాతమవుతుంది కనుక, మంచి కాపలాదారు అన్ని రేట్లనూ ఒకే కాలవ్యవధికి మార్చిన తరువాతే పోలుస్తాడు. రేటు 0.1 శాతం అంచున ఊగిసలాడుతుంటే ప్రతి ఊపుకూ గంట మోగించకుండా, ఒకసారి హెచ్చరించి, అది 0.07కు దిగివచ్చేదాకా మౌనం వహించడం రెండో నేర్పు. వెయ్యి డాలర్ల పూచీతో పదివేల డాలర్ల కొనుగోలు ఒప్పందం పట్టుకొన్న వ్యక్తికి 0.1 శాతమంటే విడతకు పది డాలర్లు, మూడు విడతల రోజుకు ముప్పై, అంటే ధర కదలకపోయినా పూచీలో మూడు శాతం కరిగిపోవడమే. ధర ఎప్పుడు తిరుగుతుందో ఆ కబురు చెప్పదు. ఒకే పక్షాన జనం కిక్కిరిశారనీ, అక్కడ నిలబడటానికి అద్దె పెరిగిందనీ మాత్రం, తరువాతి వసూలు వేళకు ముందే, నిద్రలో ఉన్నవారికి సైతం తెలియజేస్తుంది.