ఆరంటే ఫస్ట్ క్లాసు కదరా!

పుత్తూరులో మా మేనమామ హైస్కూలు టీచరుగా రిటైరయ్యాడు. ఒకరోజు నేను ఇంట్లో ఉండగానే ఆయనకు ఒక టెలికాం కంపెనీ నుంచి రికార్డు గొంతుతో ఫోనొచ్చింది. మా సేవను మీ బంధుమిత్రులకు ఎంతమేరకు సిఫారసు చేస్తారు, 0 నుంచి 10 లోపు అంకె నొక్కండి అంది. మామ కళ్ళజోడు సర్దుకుని 6 నొక్కాడు.

"ఏం మామా, అంత తక్కువేసినావే?"

"తక్కువేందిరా? ఆరంటే నూటికి అరవై. ఫస్ట్ క్లాసు కదరా! వీళ్ళకి అదే ఎక్కువ."

ఇలాంటి సర్వేల అంకెలు కూర్చి లెక్కలు తీయడమే అప్పట్లో నా ఉద్యోగం. మా లెక్కలో మామ డిట్రాక్టర్, అంటే కంపెనీ మీద అసంతృప్తితో ఉన్నవాడు. ఈ పద్ధతిని 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అనే అమెరికన్ సలహాదారు ప్రచారంలోకి తెచ్చాడు. 9, 10 వేసినవాళ్ళు ప్రమోటర్లు, 7, 8 వేసినవాళ్ళు ఎటూ కానివాళ్ళు, 0 నుంచి 6 దాకా అందరూ డిట్రాక్టర్లు. ప్రమోటర్ల శాతంలోంచి డిట్రాక్టర్ల శాతం తీసేస్తే వచ్చేదే నెట్ ప్రమోటర్ స్కోర్. 35 వస్తే పాసు, 60 వస్తే ఫస్ట్ క్లాసు అని పెరిగిన మనుషులకు ఈ గీతలు ఎవరు చెప్పాలి? అందుకే డిట్రాక్టర్లందరినీ ఒకే మూటగా కట్టకుండా 5, 6 వేసినవాళ్ళ మాటలు వేరుగా, 0 నుంచి 3 వేసినవాళ్ళ మాటలు వేరుగా చదవడం మొదలుపెట్టాను. ఆరు వేసినవాళ్ళలో చాలామంది "పర్వాలేదు" అనేవాళ్ళు. సున్నా వేసినవాళ్ళ నోట ఆ మాట రాదు.

ఒకటి వేసినవాళ్ళ దగ్గర ఇంకో చిక్కుంది. 10 నొక్కాలంటే రెండు మీటలు నొక్కాలి. మనిషి 1 నొక్కి సున్నా కోసం వెతుక్కునే లోపు యంత్రం 1 అని రాసేసుకుంటుంది. కంపెనీని నెత్తిన పెట్టుకునేవాడు కాస్తా బద్ధశత్రువైపోతాడు. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. 0కీ 2కీ మధ్య 1 ఒక్కటే గుట్టలా లేచి, అది వేసినవాళ్ళు మిగతా ప్రశ్నలన్నిటికీ మంచిగానే జవాబిచ్చి ఉంటే తప్పు మీటదే.

ఈ చెత్త ఏరేశాక అసలు ప్రశ్న మిగులుతుంది. నిజంగా కోపంగా ఉన్నవాడికి ఆ కోపం ఎందుకొచ్చింది? నేరుగా అడిగితే తిరుపతి, చిత్తూరు, పలమనేరు ఎక్కడైనా ఒకటే జవాబు: "సిగ్నల్ ఉండదు సార్." దాన్ని శాతాల్లో పెట్టి స్లైడు మీదికెక్కిస్తే మీటింగు అయిపోతుంది, కొత్త టవర్లకు డబ్బు అడుగుతారు. నేనూ కొన్నాళ్ళు అదే చేశాను. ఆ లెక్కలో కోపంగా ఉన్నవాళ్ళను మాత్రమే అడుగుతున్నామని చాలా ఆలస్యంగా తట్టింది. సిగ్నల్ బాధ సంతోషంగా ఉన్నవాళ్ళకూ ఉందేమో ఎవరు చూశారు?

లెక్క చూపించడానికి అంకెలు నేనే పెట్టుకుంటాను. 400 మంది జవాబిచ్చారు, అందులో 160 మంది ప్రమోటర్లు, 120 మంది డిట్రాక్టర్లు. 40లోంచి 30 తీస్తే స్కోరు 10. గత నెలలో కాల్ మధ్యలో తెగిపోయిందా అని అందరినీ అడిగాం. డిట్రాక్టర్లలో 72 మంది అవునన్నారు, అంటే నూటికి 60 మంది. స్లైడు మీదికెక్కేది ఇదే. కానీ మిగతా 280 మందిలోనూ 140 మంది అవునన్నారు. తిప్పి చూస్తే, కాల్ తెగిన 212 మందిలో 72 మంది డిట్రాక్టర్లు, నూటికి 34. తెగని 188 మందిలో 48 మంది, నూటికి 26. తేడా లేకపోలేదు గానీ ఇంత గొడవకు సరిపడేంత లేదు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న వేద్దాం. ఫిర్యాదు చేశారా, సమస్య తీరకుండానే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చిందా? అలా వచ్చినవాళ్ళు 60 మంది, అందులో 42 మంది డిట్రాక్టర్లు. నూటికి 70. మిగతా 340 మందిలో 78 మంది, నూటికి 23. ఈ రెంటినీ కలిపి చూస్తే కథ తేలుతుంది. కాల్ తెగినవాళ్ళలో ఆ అబద్ధపు మెసేజ్ అందని 162 మందిలో డిట్రాక్టర్లు 34 మందే, నూటికి 21. కాల్ తెగి, మెసేజూ అందిన 50 మందిలో 38 మంది, నూటికి 76. సిగ్నల్ లేకపోవడాన్ని మనవాళ్ళు మేడెక్కి మాట్లాడి ఎలాగో నెట్టుకొస్తారు. లేని సిగ్నల్‌ను ఉందని చెప్తేనే మండుతుంది. అడిగితే మాత్రం "సిగ్నల్" అనే అంటారు, కథ అక్కడ మొదలైంది కాబట్టి. మామ ఫోనులో అలాంటి మెసేజ్‌లు మూడున్నాయి. "పరిష్కారమైందంట, నాకొక్కడికే తెలీలా" అని చూపించాడు.

ఈ లెక్కలో ఓ కంత ఉంది. ఓపికగా ఫిర్యాదు దాకా వెళ్ళినవాళ్ళకే సిగ్నల్ బాధ అందరికంటే ఎక్కువ ఉండొచ్చు. అలాంటప్పుడు తప్పు మెసేజ్‌ది కాదు, టవరుదే. అందుకని మనిషి చెప్పినదాన్ని పక్కనపెట్టి, అతను ఎక్కువగా వాడే టవర్ రికార్డు చూడాలి. కాల్ డ్రాప్‌కు ట్రాయ్ చాలాకాలం పెట్టిన హద్దు నూటికి 2. ఆ హద్దు లోపలి టవర్ల కింద ఉన్నవాళ్ళను ఒక గుంపుగా, దాటిన టవర్ల కింద ఉన్నవాళ్ళను ఇంకో గుంపుగా పెట్టి పై లెక్కే మళ్ళీ చేయాలి. రెండు గుంపుల్లోనూ మెసేజ్ దెబ్బ కనబడితే అనుమానం సగం తీరినట్టు. సగమే, ఎందుకంటే టవర్ సగటుకు ఒకరి వంటింటి గోడ తెలీదు.

తిరుపతిలో ఇంకో సంగతి. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడసేవ రోజు, కొండమీద టవర్లు లక్షల ఫోన్లు మోస్తాయి. కానీ సర్వేకు మనుషులను ఎంచేది వాళ్ళ సొంత సర్కిల్‌ని బట్టి. చెన్నై నుంచి వచ్చిన భక్తుడి కోపం తమిళనాడు ఖాతాలో పడుతుంది. ఆ రద్దీలో ఫోను కలవని తిరుపతి ఆటోడ్రైవరు కోపం ఒక్కటే మా ఖాతాలోకొస్తుంది. ఆ నెల స్కోరు తగ్గితే ఎవరినీ తిట్టి లాభం లేదు. మామూలు నెలల్లోనూ అంతే. పై 400 మంది లెక్కలో స్కోరు 10 అంటే ఇంచుమించు 2కీ 18కీ మధ్య ఎక్కడైనా అని అర్థం. స్కోరు పది నుంచి ఆరుకు దిగిందని మేనేజరుకు చెమటలు పట్టిన నెలలు నాకు తెలుసు.

తప్పు మెసేజ్‌దా, టవరుదా అని తేల్చుకోవడానికి మిగిలింది ఒక్కటే దారి. కొన్ని ఊళ్ళలో ఫిర్యాదుదారుకు ఫోను చేసి, అతను సరే అన్నాకే టికెట్ మూయాలి. మిగతా ఊళ్ళలో పాత పద్ధతే సాగనివ్వాలి. పుత్తూరు, నగరి ఒకవైపు, శ్రీకాళహస్తి, పలమనేరు ఇంకోవైపు అని నేను కాగితం మీద గీశాను. నెలకు ఊరికి 60 జవాబులు వస్తే ఒక్కో ఊరి స్కోరు అటు 21, ఇటు 21 ఊగుతుంది. కాబట్టి నాలుగైదు నెలలు కూడబెట్టాలి, ఆ నెలలు బ్రహ్మోత్సవాల మీద పడకూడదు. జనవరిలో మొదలుపెడదామన్నాను. అంతకాలం ఆగాలా, ఈలోగా ఒక టవరన్నా వేసేద్దాం అన్నారు మీటింగులో.