ఒక్క ప్యాకెట్, పడుకునే ముందు

కల్చర్ రిపోర్టు తీసి బల్ల మీద పెట్టిందామె. మందుల పేర్ల పక్కన వరసగా ఆర్, ఆర్, ఆర్. అంటే ఆ మందులకు క్రిమి లొంగదని. సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్, కోట్రైమాక్సజోల్ అన్నీ పోయాయి. ‘ఎస్’ ఉన్నవాటిలో ఎక్కువ ఇంజక్షన్లే, అందులో మెరోపెనెమ్ కూడా ఉంది. నోటితో మింగే వాటిలో మిగిలినవి రెండే: నైట్రోఫ్యురంటోయిన్, ఫాస్ఫోమైసిన్.

ఆమెకు నలభై నాలుగేళ్లు, బస్సు కండక్టరు. డ్యూటీలో గంటల తరబడి మూత్రం ఆపుకోవాలి. నాలుగు నెలల్లో ఇది మూడోసారి మంట. మొదటి రెండుసార్లు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లలే. ఈసారి క్రిమి ఇ.కోలి, అదీ ఇఎస్‌బిఎల్ రకం, అంటే సెఫిక్సిమ్ లాంటి మందులను ముక్కలు చేసే ఎంజైమును తయారు చేసుకునేది. “అడ్మిట్ అయి వారం రోజులు ఇంజక్షన్లు వేయించుకోవాలా మేడమ్?” అని అడిగింది.

అక్కర్లేదన్నాను. జ్వరం లేదు, వణుకు లేదు, నడుం పక్కన నొక్కితే నొప్పి లేదు. షుగరు లేదు, స్కానులో రాళ్లు లేవు, గర్భం లేదు. ఇన్‌ఫెక్షన్ మూత్రాశయం దాటలేదు. నైట్రోఫ్యురంటోయిన్ కిందటిసారి ఎవరో ఇస్తే వాంతులయ్యాయట. అందుకే మూడు గ్రాముల ఫాస్ఫోమైసిన్ ప్యాకెట్ ఒక్కటి రాశాను. నైట్రోఫ్యురంటోయిన్ పడి ఉంటే అదే రాసేదాన్ని. 2018లో అచ్చయిన ఒక పరీక్షలో 513 మంది ఆడవాళ్లకు ఈ రెండు మందులనూ పోల్చి చూశారు. నాలుగు వారాల తర్వాత, అయిదు రోజుల బిళ్లలు వాడినవాళ్లలో 70 శాతం మందికి నయమైంది, ఒక్క ప్యాకెట్ తాగినవాళ్లలో 58 శాతానికే. ఒక్కసారితో అయిపోతుందన్న సుఖానికి ఆ మేరకు ధర ఉంది.

వాడే తీరు చెప్పడానికి నేను కాస్త ఎక్కువసేపే తీసుకుంటాను. రాత్రి భోజనమయ్యాక రెండు మూడు గంటలు ఆగాలి. అరగ్లాసు చల్లటి నీళ్లలో పొడి వేసి కలిపి వెంటనే తాగాలి. వేడి నీళ్లు, పాలు వద్దు. దానికి ముందు మూత్రానికి వెళ్లి రావాలి, తాగాక పడుకోవాలి. ఈ మందు శరీరంలో మారిపోకుండా మూత్రంలోకి దిగుతుంది. రాత్రంతా మూత్రాశయంలో నిలవ ఉంటే పని జరుగుతుంది. ఒకటి రెండు రోజులు మూత్రంలో మందు గట్టిగానే ఉంటుంది. రక్తంలోనూ కిడ్నీ కండలోనూ అంత ఉండదు. జ్వరంతో, పక్కనొప్పితో వచ్చినవాళ్లకు ఈ ప్యాకెట్ చాలదనేది అందుకే.

“తెల్లారేసరికి మంట పోకపోతే?” అంది. పోదమ్మా, రెండు మూడు రోజులు పడుతుంది, విరేచనాలైనా కంగారుపడొద్దు అన్నాను. మూడో రోజుకీ తగ్గకపోతేనో, జ్వరం వస్తేనో రమ్మన్నాను.

1969లో స్పెయిన్‌లో కనిపెట్టిన ఈ పాత మందు కొత్త మొండి క్రిముల మీద ఎందుకు పనిచేస్తోంది? క్రిమి గోడ కట్టడంలో మొదటి మెట్టునే ఇది ఆపుతుంది. మిగతా మందులు పట్టేది ఆ చోట కాదు. ఇ.కోలి తన తిండిని లోపలికి లాక్కునే ద్వారాల గుండానే ఇది దూరిపోతుంది. ఆ ద్వారాలు మూసుకుంటే క్రిమి బతికి బయటపడుతుంది కానీ, తిండి తగ్గి మూత్రంలో నీరసంగా పెరుగుతుంది. ల్యాబులో తేలిగ్గా కనిపించే నిరోధకత రోగుల్లో అంతగా కనిపించకపోవడానికి ఇదో కారణం. ఎడాపెడా వాడితే మాత్రం ఈ వెసులుబాటు నిలవదు. మందును విరిచేసే ఎంజైము జన్యువులు క్రిమి నుంచి క్రిమికి పాకగలవు.

క్లెబ్సియెల్లాకు ఆ ఎంజైము పుట్టుకతోనే ఉంటుంది. దాని రిపోర్టులో ఫాస్ఫోమైసిన్ పక్కన ‘ఎస్’ చూసినా నేను నమ్మను. నోటి మందుకు ఆ కొలత ఇ.కోలి కోసం పెట్టింది, కొన్ని ల్యాబులు దాన్నే దీనికీ వాడేస్తాయి.

నాలుగో రోజు ఫోన్ చేసింది. మంట లేదట. వాళ్లాయనకూ అలాగే ఉంది, ఇంకో ప్యాకెట్ తెప్పించి పొయ్యనా అని అడిగింది. మగవాళ్లలో ప్రోస్టేట్ కూడా చూసుకోవాలి, ఒక్క ప్యాకెట్‌తో ముగించే లెక్క కాదది. ఆయన్ని మూత్రం పరీక్షకు తీసుకురమ్మన్నాను. మీరూ ఇంట్లో మిగిలిన ప్యాకెట్ ఎవరికీ కలిపి ఇవ్వకండి.