ఒకే దెబ్బకు పుట్టిన రెండు అంచులు

పేరున్న కంపెనీ టీపొడి పావుకిలో ప్యాకెట్ ఒకటి చేతిలోకి తీసుకోండి. ముందున్న బొమ్మను కాసేపు వదిలేసి పై అంచునూ, కింది అంచునూ చూడండి. రెండు చోట్లా సన్నని గీతల పట్టీ కనిపిస్తుంది. అసలు పనితనం అక్కడుంది.

ఫ్యాక్టరీలో ఈ ప్యాకెట్ ముందే కుట్టిన సంచీలా రాదు. రోల్‌గా చుట్టిన ఫిల్మ్ గొట్టం మీదుగా జారి, వీపు వైపు నిలువు అతుకుతో మూసుకుంటుంది. లోపలికి పొడి పడుతుంది. అప్పుడు గీతలు చెక్కిన రెండు వేడి దవడలు వచ్చి ఒక్కసారి కరుస్తాయి. ఆ ఒక్క కాటుతోనే నిండిన ప్యాకెట్‌కు పై సీలూ, నిండబోయే ప్యాకెట్‌కు కింది సీలూ పడతాయి. మధ్యలో కత్తి తెగ్గోస్తుంది. అంటే పైనా కిందా ఉన్న గీతలు ఒకే దవడల ముద్రలు. వాటి వెడల్పు, గీతల మధ్య ఎడం రెండు వైపులా కలిసి తీరాలి. ఎక్కడ కోయాలో ఫిల్మ్ అంచున ఉండే చిన్న నల్ల గడి చూసి యంత్రం తెలుసుకుంటుంది. అందుకే ఒక పెట్టెలోని ప్యాకెట్లన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. ఇదంతా జరిగేది రెప్పపాటులో. నాకైతే లోపలి టీ కంటే ఈ కాటు మీదే మోజు.

నకిలీ చేసేవాడు సాధారణంగా మూడు వైపులా అతికించిన ఖాళీ పౌచ్‌లు కొని, పొడి పోసి, నోటిని చేతి సీలింగ్ మిషన్‌తో మూస్తాడు. కింద గీతలుంటే పైన గళ్ళో, నున్నటి పట్టీయో వస్తుంది. కొందరు అసలు ఖాళీ కవర్లే ఏరి మళ్ళీ నింపుతారు. కోసిన నోరు మళ్ళీ అతకాలి కాబట్టి ఆ ప్యాకెట్ పక్కదానికంటే కొంచెం పొట్టిగా తేలుతుంది. నిలబెట్టే పౌచ్‌లు చాలాసార్లు కంపెనీలోనూ ముందే తయారై వస్తాయి కనుక వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

ఇక ప్రింటు. మంచి లామినేట్‌లో రంగు పై పొర లోపలి ముఖాన ఉంటుంది, అద్దం వెనక బొమ్మలా. పై పొర మందం సుమారు 12 మైక్రాన్లే. గోటితో గీకినా, థిన్నర్ ముంచిన దూదితో రుద్దినా బొమ్మ చెదరదు. కాకపోతే గట్టి నకిలీలోనూ అలాగే వేస్తారు. అప్పుడు వాచీ రిపేరువాళ్ళ భూతద్దం కావాలి. కంపెనీ తన ఎరుపునో, ఆకుపచ్చనో ప్రత్యేకంగా కలిపించి విడి సిలిండర్‌తో అద్దిస్తే ఆ రంగు నిండుగా ఉంటుంది. ప్యాకెట్‌ను స్కాన్ చేసి తీసిన నకలులో అదే రంగు నీలి, గులాబీ, పసుపు చుక్కలుగా విడిపోతుంది. చిరునామా ఉన్న చిన్నక్షరాల అంచులు మసకబారతాయి.

లాట్ ముద్ర దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. థిన్నర్‌కు అది చెరిగిపోతే నకిలీ అనుకుంటారు. అది ప్యాకింగ్ వేళ ఫిల్మ్ పైన కొట్టే ముద్ర. అసలుదైనా చెరగొచ్చు. చూడాల్సింది వేరే ఉంది. ప్యాకెట్‌ను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ముద్ర చుట్టూ మెరుపు పోయి, కింద పాత అంకెల నీడ కనిపిస్తుందా? అయితే తేదీ మార్చినట్టే. బ్యాచ్ నంబరు, తేదీ బొమ్మతో పాటే లోపలి పొరలో అచ్చయి ఉంటే అంతకంటే పెద్ద అనుమానం. తేదీ మారినప్పుడల్లా ఎవరూ సిలిండర్ చెక్కించరు.

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్ళే దారిలోని పెనుబల్లి కిరాణా కొట్టుకు ఒక పెట్టె వచ్చిందనుకుందాం. తెచ్చింది రోజూ వచ్చే సేల్స్‌మన్ కాదు, ధర కొంచెం తక్కువ, బిల్లు తర్వాత ఇస్తానన్నాడు. షావుకారు ముందుగా అట్టపెట్టె మీది బ్యాచ్‌నూ, లోపలి ప్యాకెట్ల బ్యాచ్‌నూ పోల్చాలి. తర్వాత నాలుగైదు ప్యాకెట్లు బల్ల మీద వరసగా నిలబెట్టి ఎత్తు చూడాలి. పాత సరుకులో మిగిలిన ప్యాకెట్‌ను పక్కన పెట్టి సీలు గీతలు లెక్కించాలి. పాత ప్యాకెట్‌లో పైనా కిందా పన్నెండేసి, కొత్తదాంట్లో కింద పన్నెండు, పైన గళ్ళు అయితే అక్కడికక్కడే ఆగిపోవచ్చు. రెండు అంచులూ కలిసి, గీతల సంఖ్య మాత్రం పాతదానితో కలవకపోతే తొందరపడకూడదు. అదే కంపెనీకి వేరే ఊళ్ళో ఫ్యాక్టరీ ఉండొచ్చు, అక్కడి దవడలు వేరు కావొచ్చు. అప్పుడు తయారీ చిరునామా చూడాలి.

ఇన్‌స్టెంట్ కాఫీకి మరో ఆనవాలుంది. ఆ పొడి తేమను ఇట్టే లాగేస్తుంది. సీలు సరిగా కరవని ప్యాకెట్‌ను నొక్కితే వేళ్ళకు గడ్డలు తగులుతాయి. గోదాములో నలిగిన అసలు సరుకూ గడ్డకట్టొచ్చు కాబట్టి దీన్నిబట్టే తీర్పు చెప్పలేం.

దొంగవాడు యంత్రమే కొనుక్కుని ఫిల్మ్ రోల్ కూడా అచ్చు వేయించుకుంటే అంచుల పరీక్ష నెగ్గేస్తాడు. అప్పుడు రంగు చుక్కలూ, ముద్రా మాత్రమే మిగులుతాయి. ఎటూ తేలకపోతే పెట్టె అమ్మకుండా పక్కన పెట్టి కంపెనీకి ఫోన్ చేయాలి. ఆ నంబరు మాత్రం పాత ప్యాకెట్ మీదిదే చూసి చేయాలి. అనుమానపు ప్యాకెట్ మీది నంబరు ఎవరి ఇంట మోగుతుందో చెప్పలేం.