మిరప ముడతా, నాయిస్ మచ్చా?

ఎండు మిరపకాయను ముడతలు చూసి పోల్చుకోవచ్చు. తేజ సన్నగా ఉంటుంది, బాడిగ ఒళ్లంతా ముడుచుకుపోయి ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డు షెడ్డులో, టిక్కీల మధ్య మసక వెలుతురులో ఐఎస్ఓ 6400తో ఫొటో తీస్తే ఆ తేడాను మొదట మింగేసేది నాయిస్. మిగిలినదాన్ని చాలాసార్లు నాయిస్ తగ్గించే స్లైడరే మింగేస్తుంది.

ఎరుపుతో చిక్కు సెన్సర్ దగ్గరే మొదలవుతుంది. మామూలు కెమెరా సెన్సర్‌లో సగం గళ్లు ఆకుపచ్చను, పావు వంతు ఎరుపును, మిగతా పావు నీలాన్ని పట్టుకుంటాయి. మిరపరాశి నుంచి నీలం దాదాపు రాదు, ఆకుపచ్చా తక్కువే. పసుపు బల్బు వెలిగితే నీలం మరింత కరువు. ఆ కొరతను వైట్ బ్యాలెన్స్ పెంచి పూడుస్తుంది, దాంతో రాశి నీడల్లో ఊదా, పచ్చ మచ్చలు లేస్తాయి. ఇది రంగు నాయిస్.

ముందు పట్టాల్సింది దాన్నే. వెలుగునీడల్లో కన్ను పట్టేంత సన్నని వివరాన్ని రంగులో పట్టలేదు. అందుకే రంగును కాస్త అలికినా ముడతలు చెక్కుచెదరవు. లైట్‌రూమ్‌లో రా ఫైలుకు Color మామూలుగా 25 ఉంటుంది. ఫొటోను 100 శాతానికి పెంచి, నీడల్లో మచ్చలు పోయేదాకా దాన్ని కొద్దికొద్దిగా జరపాలి. ఎక్కడ ఆగాలో తొడిమ చెబుతుంది. లేత పసుపుపచ్చ తొడిమలోకి ఎరుపు పాకితే హద్దు దాటినట్టే. అప్పుడు కొంచెం వెనక్కి రావాలి, లేదా Color కిందున్న Detail పెంచాలి. మరీ పెంచితే రంగు చుక్కలు తిరిగొస్తాయి.

Luminance దగ్గర చెయ్యి బిగబట్టాలి. ఇసుక చల్లినట్టుండే ఆ గరుకూ, కాయ మీది సన్నని ముడతా సాఫ్ట్‌వేర్‌కు ఒకేలా కనిపిస్తాయి. స్లైడర్‌ను 50 దాకా లాగితే మిరపకాయ ప్లాస్టిక్ బొమ్మలా నునుపెక్కవచ్చు. 15 దగ్గర మొదలుపెట్టి, ముడత అంచు కరగడం కనిపించగానే ఆగడం మేలు. పత్తి బోరేల ఫొటో అయితే తెల్లటి దూదికి వెలుతురు బాగా అందుతుంది కాబట్టి అక్కడ నాయిస్ తక్కువ. బోరేల సందుల్లోని చీకటికి మాత్రమే మాస్క్ వేసి తగ్గిస్తే పోగులు మిగులుతాయి.

ఎరుపు చానల్ పూర్తిగా నిండిపోయిన చోట ముడత అసలు నమోదే కాదు, దాన్ని ఏ స్లైడరూ తేలేదు. తీసేటప్పుడే హిస్టోగ్రామ్‌లో ఎరుపును విడిగా చూసుకోవాలి.

ఇంతకీ ఆ గరుకు ఎంత కనిపిస్తుంది? 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోను పత్రికలో నాలుగంగుళాల్లో, అంగుళానికి 300 చొప్పున అచ్చు వేస్తే 1200 పిక్సెళ్లే చాలు. అంటే 25 పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, విడివిడి గరుకు సుమారు అయిదో వంతుకు పడిపోతుంది. చాలా పిక్సెళ్ల మీదుగా పరుచుకున్న ఊదా మచ్చ మాత్రం అచ్చులోనూ దిగుతుంది.