కోడికీ గుడ్డుకీ మధ్య ఒక ఊపిరి

బ్యాంకాక్ వీధి బండి దగ్గర వేపుడు అన్నాన్ని ‘ఖావ్ ప్‌హత్’ అంటారు. దాని వెనక ‘ఖై’ అని చేర్చితే గుడ్డు వేసి ఇస్తారు, ‘కై’ అంటే కోడి మాంసం వేసి ఇస్తారు. రెండు మాటల్లోనూ అచ్చు ఒకటే, స్వరమూ ఒకటే. తేడా అంతా ‘క’ వెంట వచ్చే ఊపిరిలో ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన జాబితాల్లో ఈ రెండూ తరచు ఒకేలా కనిపిస్తాయి. గుడ్డు తిని మాంసం మానేసినవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. అందుకే థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లు తమకు కావలసిన మాటల్ని సొంత చేతివ్రాతతో తెలుగులో ఎక్కించుకోవాలంటాను. క, ఖ తేడా మన అక్షరాల్లో ఉంది. పొట్టి ఎ, పొట్టి ఒ కూడా ఉన్నాయి, థాయ్‌కి అవి చాలా అవసరం.

అయితే రాయడంతో పని అయిపోదు. మనం రాసేది ఒకటి, పలికేది ఒకటి. ‘కథ’ను చాలామంది ‘కద’ అంటాం. ‘ఫలం’లోని ఫను పై పళ్లు కింది పెదవికి ఆనించి పలుకుతాం. థాయ్‌లో ఈ అలవాటు దెబ్బతీస్తుంది. కారాన్ని ‘ప్‌హెత్’ అంటారు. రెండు పెదవులూ మూసి, ప అంటూ ఊపిరి వదలాలి. ఊపిరి లేకుండా ‘పెత్’ అంటే బాతు. పళ్లు తాకే ఫ కూడా ఆ భాషలో విడిగా ఉంది, ‘రొత్ ఫై’ అంటే రైలు. కాబట్టి జాబితాలో ఒకదాన్ని ప్‌హ అని, మరోదాన్ని ఫ అని వేరుగా రాసుకోవాలి. అరచేయి నోటి ముందు పెట్టి పలికి చూడండి. ఖ, థ, ప్‌హలకు గాలి తగలాలి, క, త, పలకు తగలకూడదు. మాట చివర త్ వస్తే నాలుక పళ్ల వెనక ఆగిపోవాలి. మన వాడుకలో లాగా దానికి ఒక ‘ఉ’ తగిలించి ‘ప్‌హత్తు’ అంటే అవతలివారికి అది వేరే మాటలా వినిపిస్తుంది.

మన లిపిలో లేనిది స్వరం. థాయ్‌లో స్వరాలు 5. సమంగా సాగేదానికి గుర్తు అక్కర్లేదు. మిగతావాటికి మాట పక్కన బాణం గీసుకుంటే చాలు: తక్కువ శ్రుతికి ↓, ఎక్కువ శ్రుతికి ↑, పైనుంచి జారేదానికి ↘, కిందినుంచి లేచేదానికి ↗. అప్పుడు ‘కారం వద్దు’ అన్నది ‘మై↘ ప్‌హెత్↓’ అవుతుంది. శాకాహారులు దీనికంటే ముందు నేర్చుకోవలసింది ‘మై↘ సై↓ నమ్↑ ప్లా’, చేపల సాస్ వేయొద్దని. కూరగాయల వేపుడు అని అడిగినా ఆ సాస్ పడే అవకాశం ఎక్కువ, వండేవారికి అది మాంసం కింద లెక్క కాదు. వాక్యం చివర మగవారు ‘ఖ్రప్↑’ అంటారు. ఆడవారు మామూలు వాక్యానికి ‘ఖ↘’, ప్రశ్నకు ‘ఖ↑’ చేరుస్తారు. మన ‘అండీ’ చేసే పని అదే.

దారి అడిగేటప్పుడు స్వరం మరీ ముఖ్యం. చోటు పేరు చెప్పి ‘యూ↓ థీ↘ నై↗’ అంటే ‘ఎక్కడుంది’ అని. ఎడమ ‘సాయ్↑’, కుడి ‘ఖ్వా↗’. చిక్కు వచ్చేది దూరం దగ్గర. ‘క్లై’ అని సమంగా పలికితే దూరం, ‘క్లై↘’ అని జారిస్తే దగ్గర. కొత్తవారి చెవికి ఈ రెండూ విడిగా వినపడటం కష్టం. అందుకని నేనైతే దూరమా దగ్గరా అన్న ప్రశ్నే మానేసి ‘కీ↓ నాథీ’, ఎన్ని నిమిషాలు అని అడగమంటాను. జవాబుగా అంకె వస్తుంది.

అంకెలు వచ్చినవారికి బేరం కూడా వస్తుంది. బ్యాంకాక్‌లో శని, ఆదివారాల్లో జరిగే చతుచక్ సంతలో ఒక సంచి చూశారనుకోండి. ‘థావ్↘ రై↓’, ఎంత అంటారు. ‘సాఙ్↗ రాయ్↑ హా↘ సిప్↓’ అని జవాబు వస్తుంది. ఇందులో సాఙ్ 2, రాయ్ వంద, హా 5, సిప్ పది. అంటే 250 బాత్. మొదటి రెండు మాటల్లోని అచ్చును ‘ఆఫీసు’లోని ఆలాగా కాక, ‘బాల్ పెన్’లోని ఆలాగా పలకాలి. సాఙ్ చివర గ వినపడకూడదు, మనం ఎన్నడూ వాడని ఙకి ఇక్కడ పని దొరికింది. మీరు నవ్వుతూ ‘ప్‌హ్యాఙ్ పై’, ఎక్కువండీ అని, ‘లొత్↑ దాయ్↘ మై↗’, తగ్గిస్తారా అని అడుగుతారు. ఆపైన మీ ధర: ‘సాఙ్↗ రాయ్↑ దాయ్↘ మై↗’, 200కి వస్తుందా?

అవును అనడానికి వారు మీ ప్రశ్నలోని ‘దాయ్↘’నే తిరిగి చెబుతారు. కాదంటే ‘మై↘ దాయ్↘’. ముందు వచ్చి జారే మై నిరాకరణ, చివర వచ్చి లేచే మై ప్రశ్న. జాబితాలో మనం అనే మాట పక్కనే ఈ రెండు జవాబులూ రాసి ఉండాలి. ధర చీటీ అంటించిన దుకాణంలోనూ తిండి బండి దగ్గరా మాత్రం ఈ పేజీ తెరవకండి, అక్కడ బేరం ఆడరు.