గట్టు మీది గడిని కొలిచే పద్ధతి

ఉపగ్రహ చిత్రం గళ్ల కాగితం లాంటిది. పొలం గట్టు మాత్రం ఆ గళ్లను చూసి సాగదు. అందుకే రాస్టర్ మీద పాలిగన్ పెట్టి క్లిప్ చేసిన ప్రతిసారీ, హద్దు మీద సగం లోపల, సగం బయట పడ్డ పిక్సెళ్లను ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. దీనికి నేను చూసిన వాటిలో అన్నిటికన్నా శుభ్రమైన జవాబు డేనియల్ బాస్టన్ రాసిన exactextract అనే ఓపెన్‌సోర్స్ పనిముట్టు.

దాని పనితనం తెలియాలంటే ముందు మామూలు పద్ధతి చూడాలి. gdalwarp కు కట్‌లైన్ ఇస్తే, పిక్సెల్ కేంద్రం పాలిగన్ లోపల ఉంటే ఉంచుతుంది, లేకపోతే తీసేస్తుంది. CUTLINE_ALL_TOUCHED ఆన్ చేస్తే గట్టు తాకిన ప్రతి పిక్సెల్‌నూ ఉంచుతుంది. రెండింటిలోనూ గడి మొత్తంగా ఉంటుంది, లేదా మొత్తంగా పోతుంది.

సెంటినెల్-2 చిత్రంలో గడి 10 మీటర్లు. అందులో 45 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు ఉన్న చేను ఒకటి అనుకుందాం. విస్తీర్ణం 1575 చదరపు మీటర్లు, అంటే దాదాపు పదిహేనున్నర గుంటలు. చేను నైరుతి మూల ఒక గడిలో తూర్పుకి 6 మీటర్లు, ఉత్తరానికి 6 మీటర్లు లోపలికి పడింది. కేంద్రం లెక్కలో 12 పిక్సెళ్లు మిగులుతాయి, అంటే 1200 చదరపు మీటర్లు. తాకినవన్నీ కలిపితే 30 పిక్సెళ్లు, 3000 చదరపు మీటర్లు! ఇప్పుడు అదే చేను పడమరకు 3 మీటర్లు, దక్షిణానికి 4 మీటర్లు జరిగిందనుకోండి. కేంద్రం లెక్క 1200 నుంచి 2000కు ఎగబాకుతుంది. చేను అంగుళం కూడా పెరగలేదు. పెద్ద జిల్లాను కోసినప్పుడు ఈ తేడాలు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. చిన్న కమతంలో సర్దుకోవడానికి గళ్లే ఉండవు.

exactextract దేన్నీ కోయదు. ఒక్కో గడిలో ఎంత వంతు పాలిగన్ కింద ఉందో లెక్క కడుతుంది. ప్రతి గడినీ చదరంగా తీసుకుని పాలిగన్‌తో ఖండించి చూస్తే ఆ వంతు వస్తుంది గానీ, లక్షల గళ్లున్న చోట అది నత్తనడక. బాస్టన్ చేసిందేమిటంటే, గట్టు వెంట నడవడం. పాలిగన్ లోపలి భాగం ఎప్పుడూ ఎడమచేతి వైపు ఉండేలా హద్దు గీత మీద వెళ్తూ, ఏ గడిలోకి ఎక్కడ ప్రవేశించిందీ, ఎక్కడ బయటికొచ్చిందీ గుర్తుపెట్టుకుంటుంది. బయటికొచ్చిన బిందువు నుంచి గడి అంచు వెంటే అపసవ్యంగా తిరిగి ప్రవేశించిన బిందువును చేరితే ఒక ఆకారం మూసుకుంటుంది. దాని వైశాల్యమే ఆ గడిలో పాలిగన్ వాటా.

మన చేను నైరుతి మూలనే చూడండి. గీత గడిలోకి పైనుంచి దిగింది, మూల దగ్గర తూర్పుకి తిరిగింది, కుడి అంచులోంచి బయటపడింది. అక్కడి నుంచి అంచు వెంట పైకెళ్లి, ఎడమకు తిరిగి, దిగిన చోటికి చేరితే నాలుగు మీటర్ల చదరం. 100లో 16, అంటే 0.16. ఎదురుగా ఈశాన్య మూలలో వాటా 0.01 మాత్రమే. గట్టు అసలు తాకని గళ్లలో ఈ లెక్క అక్కర్లేదు. అలాంటి గళ్ల గుంపులో ఒక్కటి లోపలుందో బయటుందో చూస్తే చాలు, గుంపంతా అదే. శ్రమ హద్దు మీదే ఖర్చవుతుంది, వైశాల్యం మీద కాదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ పొదుపే.

వాటాలన్నీ కూడితే 15.75 గళ్లు, సరిగ్గా 1575 చదరపు మీటర్లు. చేనును ఎటు జరిపినా అంతే. పక్కపక్క చేలకు హద్దు ఒకటే అయినప్పుడు, ఆ గట్టు మీది గడిలో రెండు చేల వాటాలూ కలిపితే సరిగ్గా ఒకటి అవుతుంది. తాకినవన్నీ కలిపే పద్ధతిలో ఆ గడి రెండు చేల ఖాతాలోనూ పూర్తిగా పడేది.

```
from exactextract import exact_extract
exact_extract("ndvi.tif", "chelu.gpkg", ["count", "mean"])
```

ఇందులో mean వాటాను బట్టి తూకం వేసిన సగటు. అయితే ఒక పరిమితి ఉంది. 0.16 వాటా ఉన్న గడి విలువలో మిగతా 84 వంతులు పక్క చేనువో, గట్టు మీది చెట్లవో. తూకం వాటి ప్రభావాన్ని తగ్గిస్తుందే గానీ తుడిచేయదు. పంట ఆరోగ్యమే కావాలంటే, పూర్తిగా లోపలున్న 12 గళ్లనే తీసుకోవడం మేలు. విస్తీర్ణం, వర్షపాతం లాంటి లెక్కలకైతే వాటాలు తప్పనిసరి.

count అంటే విలువ ఉన్న గళ్ల వాటాల మొత్తం. దాన్ని గడి వైశాల్యంతో హెచ్చవేసి పాలిగన్ విస్తీర్ణంతో పోల్చండి. 1575 రావాల్సిన చోట 1100 వస్తే, మబ్బు వల్లో మరెందుకో కొన్ని గళ్లకు విలువ లేదన్నమాట, లేదా చిత్రం చేను మొత్తాన్నీ కప్పడం లేదు. సగటును నమ్మే ముందు ఈ ఒక్క గుణకారం చేసి చూడండి.