మానకూడని మాత్రకు ఒక ఉత్తరం

గుండె లయ తప్పిందని కొత్తగా బయటపడిన ప్రతి పేషెంటు ఇంటివాళ్లకూ నేను ఒక ఉత్తరం రాసి ఇస్తాను. మందుల చీటీలో మాత్ర పేరు, వేసుకునే పూటలు ఉంటాయి. ఎందుకు వేసుకోవాలో ఉండదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఆ కారణం ఇంట్లోవాళ్లకు తెలియకపోతే మాత్ర నాలుగు నెలలు కూడా నిలవదు. బీపీ మాత్ర వేసుకుంటే మిషన్‌లో అంకె తగ్గుతుంది. నొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతుంది. రక్తం గడ్డ కట్టకుండా ఆపే ఈ మాత్ర వేసుకున్నా ఒంట్లో ఏ తేడా తెలియదు, మానేసినా ఆ రోజుకు ఏమీ కాదు. పక్షవాతం వచ్చాక గానీ మానేసిన సంగతి గుర్తుకు రాదు.

ఈమధ్య రాసిన ఒక ఉత్తరం గురించి, మనిషి ఆనవాళ్లు మార్చి, చెబుతాను. ఆవిడకు 72 ఏళ్లు. బీపీ, షుగరు ఉన్నాయి. కంట్లో శుక్లం ఆపరేషన్‌కు ముందు తీసిన ఈసీజీలో లయ తప్పినట్టు తేలింది. దడ లేదు, ఆయాసం లేదు. పిల్లలు వేరే ఊళ్లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, ఒక కొడుకూ కోడలూ మాత్రం దగ్గరున్నారు. ఉత్తరం కొడుకు పేరున మొదలుపెట్టినా, రోజూ మాత్రలు తీసి చేతికిచ్చే కోడలు చదువుతుందన్న లెక్కతోనే ప్రతి వాక్యం రాశాను.

మొదట రాసేది ఇది గుండెపోటు కాదని. రిపోర్టులో గుండె అన్న మాట కనబడగానే ఇంట్లో అందరి ఆలోచనా స్టెంటు మీదికి పోతుంది. తరువాత అసలు విషయం: "అమ్మగారి గుండె పైగదులు గట్టిగా ముడుచుకోవడం మాని, వణుకుతున్నాయి. ఎడమ పైగదికి ఒక చిన్న సంచిలాంటి మూల ఉంది. పారే కాలువలో పట్టని నాచు నిలిచిన నీటిలో పట్టినట్టు, అక్కడ కదలక నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడితే రక్తంతో పాటు మెదడుకు పోయి నరానికి అడ్డం పడుతుంది. అదే పక్షవాతం." ఇలా వచ్చే పక్షవాతం చాలాసార్లు పెద్ద నరాన్నే మూసేస్తుంది కాబట్టి కాలూ చేయీ మాటా ఒక్కసారే పోయే ప్రమాదం ఉంది.

ఆ ముప్పు ఎంతో చెప్పడానికి మాకు ఒక లెక్క ఉంది. 65 దాటితే ఒక పాయింటు, 75 దాటితే రెండు. బీపీకి ఒకటి, షుగరుకు ఒకటి. గుండె బలహీనతకు, రక్తనాళాల జబ్బుకు ఒక్కొక్కటి. ఇంతకుముందే పక్షవాతం వచ్చి ఉంటే రెండు. ఆవిడకు వయసుకు ఒకటి, బీపీకి ఒకటి, షుగరుకు ఒకటి, మొత్తం మూడు. స్త్రీలకు ఇంకో పాయింటు కలిపే పద్ధతి ఉండేది, 2024 యూరప్ మార్గదర్శకాలు దాన్ని తీసేశాయి. ఎలా లెక్కేసినా ఆవిడకు మందు కావాలి. ఉత్తరంలో పాయింట్లు రాయను, మనుషుల్లో చెబుతాను: "ఇలాంటివాళ్లు వంద మంది మందు లేకుండా ఉంటే, ఏడాదిలో నలుగురైదుగురికి పక్షవాతం రావచ్చు. మందు వాడితే అది ఒకరిద్దరికి తగ్గుతుంది." ఆ వెంటనే రెండో సంగతీ రాస్తాను, దాచకుండా: "మందు వాడే వంద మందిలో ఏడాదికి ఇద్దరి వరకూ ఆస్పత్రికి రావలసినంత రక్తస్రావం కావచ్చు. ఎక్కువగా అది కడుపులోనో పేగుల్లోనో అవుతుంది, చాలావరకు కోలుకుంటారు." ఈ మాట నేను ముందే రాయకపోతే, పళ్లు తోముకునేటప్పుడు కాస్త రక్తం కనబడిన రోజే ఇంట్లోవాళ్లు భయపడి మాత్ర ఆపేస్తారు.

ఏ మాత్ర అన్నది ఎకో చూశాకే తేలుతుంది. మన దగ్గర చిన్నతనంలో కీళ్లవాపు జ్వరం వచ్చి మైట్రల్ కవాటం ముడుచుకుపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటివాళ్లకు కొత్త మందులు సరిపోవు. వాళ్లకు వార్ఫరిన్ లాంటి పాత మందే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం కూడా చూపించింది. దానికి తరచుగా ఐఎన్ఆర్ పరీక్ష చేయించి, అంకె 2 నుంచి 3 మధ్య ఉండేలా చూసుకోవాలి. ఆవిడ కవాటం బాగుంది. అందుకని అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశాను. దీనికి ఐఎన్ఆర్ అక్కర్లేదు, ఆకుకూరలు మానక్కర్లేదు.

ఇక్కడ కొడుకు ఫోన్లో అడిగాడు: "డాక్టరుగారూ, అమ్మ సన్నగా ఉంటుంది కదా, సగం డోసు చాలదా?" మంచి ప్రశ్నే. 80 ఏళ్లు నిండడం, బరువు 60 కిలోలు లేదా అంతకు తక్కువ కావడం, రక్తంలో క్రియాటినిన్ 1.5 లేదా అంతకు మించడం, ఈ మూడింటిలో రెండు ఉంటేనే సగం చేస్తాం. ఆవిడ బరువు 58 కిలోలు, క్రియాటినిన్ 0.9. ఒక్కటే ఉంది, కాబట్టి పూర్తి డోసే. జాగ్రత్త కోసమని సగం ఇస్తే గడ్డ కట్టకుండా ఆపే బలం తగ్గుతుంది. ఈ లెక్క కూడా ఉత్తరంలో చేర్చాను. రేపు ఇంకో డాక్టరు చూసినా, కిడ్నీ పరీక్షలో అంకె మారినా, ఎందుకు ఇంత ఇచ్చామో తెలియాలి.

ఆవిడ ఏళ్లుగా రోజుకొక ఆస్పిరిన్ వేసుకుంటున్నారు, ఎవరో గుండెకు మంచిదన్నారని. స్టెంటు లేదు, గుండెపోటు రాలేదు. ఈ జబ్బులో గడ్డను ఆపడానికి ఆస్పిరిన్ చాలదు, అపిక్సబాన్‌తో కలిస్తే రక్తస్రావం మాత్రం పెరుగుతుంది. అది మాన్పించాను. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వద్దని, పారాసెటమాల్ చాలని, కండకు సూది మందులు వేయించవద్దని రాశాను. కండలో సూది దిగిన చోట రక్తం పేరుకుపోవచ్చు.

ఉత్తరం చివర మూడు సంగతులు విడివిడిగా రాస్తాను.

ఒకటి: ఏ రోజైనా మాత్ర మరచిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. రెండు కలిపి వేసుకోకూడదు.

రెండు: తరువాతి ఈసీజీ మామూలుగా వచ్చినా మాత్ర ఆపకూడదు. లయ వస్తూ పోతూ ఉంటుంది, ముప్పు వయసుతో పాటు పెరుగుతుంది. పన్ను తీయించుకోవడానికో, ఇంకో ఆపరేషన్‌కో ఎవరైనా ఆపమంటే, నాకు ఒకసారి ఫోన్ చేయాలి. తప్పక ఆపవలసి వస్తే, మళ్లీ ఏ రోజు, ఏ పూట మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకోవాలి. మాత్ర ఆగిపోయిన ఇళ్లలో చాలాచోట్ల ఆపమని చెప్పినవాళ్లున్నారు, మళ్లీ మొదలుపెట్టమని చెప్పినవాళ్లు లేరు.

మూడు: మూతి వంకర పోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా నిద్రపోతే తగ్గుతుందని చూడకుండా 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. ఈ మాత్ర వాడేవాళ్లకు ఆ ఇంజెక్షన్ ఇవ్వొచ్చా లేదా అన్నది ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఇవ్వలేకపోతే, పెద్ద నరంలోని గడ్డను గొట్టంతో తీసే సదుపాయం ఉన్న ఆస్పత్రికి పంపాలి. అందుకే మాత్ర వేసుకున్న టైము రోజూ క్యాలెండర్ మీద రాయమని కోడలికి చెప్పాను. అంబులెన్సు ఎక్కేటప్పుడు నా ఉత్తరం, ఆ క్యాలెండర్ కాగితం కలిపి పట్టుకెళితే, రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు వాళ్ల చేతిలోనే ఉంటుంది.